వీడియోలో పెళ్లిచూపులు: పలకరించే బాధ్యత ఎవరిది?

అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల అమ్మానాన్నలది రాజమండ్రి. అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు వరంగల్లో ఉంటారు. సంబంధం చెప్పిన పెద్దాయన హైదరాబాద్‌లో. నాలుగు ఊళ్లలో ఉన్న ఈ మనుషులు ఆదివారం రాత్రి ఏడున్నరకు జూమ్‌లో కలుద్దామనుకున్నారు. అప్పుడు డాలస్‌లో ఉదయం తొమ్మిది. నవంబరు వచ్చి అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరిగితే అదే తొమ్మిది మనకు రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, ఈ తేడా మరిచిపోయి గంటసేపు ఎదురుచూసిన కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇది నేను ఊహించి రాస్తున్న కాల్. అయినా ఇందులో జరిగేవన్నీ ఏదో ఒక ఇంట్లో ఏదో ఒక ఆదివారం జరుగుతున్నవే.

పెళ్లిచూపులకు మనుషులు ఇంటికి వస్తే పలకరింపు దానంతట అదే నడుస్తుంది. గుమ్మం దగ్గర ఇంటిపెద్ద ఎదురు వెళ్తాడు, రండి రండి అంటాడు, చెప్పులు విడిచేలోగా ఎవరు ఎవరో తెలిసిపోతుంది, పెద్దవాళ్లకు ముందు కుర్చీ వేస్తారు, మంచినీళ్లు వస్తాయి. ఇవన్నీ అయ్యాకే అసలు మాట మొదలవుతుంది. వీడియో కాల్‌లో గుమ్మం లేదు. నల్లటి చతురస్రంలో ఒక ముఖం ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. ఆ ముఖాన్ని ఎవరు పలకరించాలో ఎవరికీ తెలియదు. అందరూ ఒక్కసారిగా నమస్కారం అంటారు, లేదా అందరూ ఊరుకుంటారు. రెండూ ఇబ్బందే. టెలిఫోన్‌కు ఒక కట్టుబాటు ఉంది: మోగిన ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడతారు. నలుగురు కలిసే వీడియో కాల్‌కు అలాంటి కట్టుబాటు ఇంకా స్థిరపడలేదు. కాబట్టి ముందే ఒకరికి ఆ పని అప్పగించాలి. మన కాల్‌లో ఆ పని అమ్మాయి బాబాయికి ఇద్దాం. లింక్ పంపేది ఆయనే, అందరికంటే పది నిమిషాలు ముందు కూర్చునేదీ ఆయనే. అందరూ చేరేవరకు పలకరించే నోరు ఆయనదొక్కటే కావాలి.

బాబాయి చేయవలసిన మొదటి పని జూమ్‌లో వెయిటింగ్ రూమ్ తెరిచి ఉంచడం. అలా చేస్తే లింక్ నొక్కినవాళ్లు నేరుగా లోపలికి రారు, బయట ఆగుతారు. వారి పేరు బాబాయికి కనిపిస్తుంది, ఆయన `Admit` నొక్కితేనే లోపలికి వస్తారు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి వచ్చినా ఒకరిని లోపలికి పిలిచి, పలకరించి, కుదురుకోనిచ్చి, ఆ తర్వాత ఇంకొకరిని పిలవవచ్చు. అన్నట్టు బయట కనిపించే పేరు చాలాసార్లు మనిషి పేరు కాదు. ఫోన్ కొన్నప్పుడు దానికి ఏ పేరు ఉందో అదే వస్తుంది. `Galaxy` అనో `Redmi` అనో పేరు కనబడితే అది అబ్బాయి తండ్రో, లింక్ చేతులు మారి వచ్చిన మరెవరో బాబాయికి ఎలా తెలుస్తుంది? అందుకే పలకరింపు ఊళ్లతో మొదలుపెట్టడం మేలు: "నమస్కారమండీ, రాజమండ్రి నుంచేనా? నాన్నగారూ అమ్మగారూ ఇద్దరూ కనిపిస్తున్నారు." వాళ్లు అవునన్నాక ఆ చతురస్రం పేరు బాబాయే `Rename` నొక్కి మార్చవచ్చు. సంబంధం ఇంకా కుదరలేదు కాబట్టి బావగారూ అనే పిలుపు అప్పుడే వద్దు, పేరుకు గారు చేరిస్తే చాలు.

ఇక్కడే చాలా కాల్స్ తడబడతాయి. ముఖం కనిపించింది కదా అని పలకరిస్తాం, అవతలివాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా తెరకేసి చూస్తుంటారు. మనకు చిన్నతనంగా అనిపిస్తుంది. నిజానికి బొమ్మ ముందు వస్తుంది, ధ్వని తర్వాత కలుస్తుంది. ఫోన్‌లో జూమ్ తెరిచినప్పుడు ధ్వనికి విడిగా అనుమతి అడుగుతుంది. ఆ ప్రశ్నను పెద్దవాళ్లు చూడకుండా దాటేస్తే వాళ్లకు ఏమీ వినిపించదు, వాళ్ల మాట మనకూ రాదు. దీన్ని గుర్తుపట్టడం సులభం. పేరు పక్కన ఎర్రగీత ఉన్న మైక్ గుర్తు కనిపిస్తే వాళ్లు మ్యూట్‌లో ఉన్నారు, మన మాట వినగలరు. అసలు మైక్ గుర్తే లేకపోతే ధ్వని ఇంకా కలవలేదు, మనం ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. మొదటివారికి నోటితో చెప్పవచ్చు. రెండోవారికి మామూలు ఫోన్ చేసి, కింద ఉన్న `Join Audio` నొక్కమని చెప్పాలి. అందరి ముందూ "వినపడుతోందా, వినపడుతోందా" అని కేకలు పెట్టడం కంటే ఆ ఫోన్ ఎంతో మర్యాద. ఆ ఫోన్ చేసే మనిషిని కూడా ముందే అనుకోవాలి, పలకరించే బాబాయి ఆ పనికి లేచిపోకూడదు.

అందువల్ల వీడియో కాల్‌లో పలకరింపు పరీక్ష కూడా అవుతుంది. "నమస్కారమండీ" అన్నాక ఒక చిన్న ప్రశ్న వేయాలి. దానికి మాటతోనే జవాబు రావాలి, తల ఊపి తప్పించుకునే వీలు ఉండకూడదు. "ప్రయాణం నుంచి ఎప్పుడొచ్చారండీ?" అంటే చాలు. జవాబు వచ్చిందంటే వాళ్లకు వినిపిస్తోందని, వాళ్ల మైక్ పనిచేస్తోందని, మాట ముక్కలు కాకుండా వస్తోందని మూడూ ఒక్కసారే తేలిపోతాయి. ఒక్కొక్కరికి ఈ పని అర నిమిషం కూడా పట్టదు. డబ్బు కట్టని జూమ్ ఖాతాలో కాల్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. మొదట్లో ఈ పరీక్ష చేయకపోతే అందులో పావు వంతు "మ్యూట్‌లో ఉన్నారండీ" అనడానికే పోతుంది.

పలకరించాక బాబాయి ఆగాలి, ఆగడం అలవాటు చేసుకోవాలి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరి మాట ముగియడానికీ రెండోవారి జవాబు మొదలవడానికీ మధ్య విరామం ఎంత ఉంటుందో 2009లో కొందరు భాషాశాస్త్రవేత్తలు ప్రపంచంలోని 10 భాషల్లో కొలిచారు. సగటున సెకనులో ఐదో వంతు తేలింది. అంత తక్కువ విరామానికి మన చెవి అలవాటుపడింది. డాలస్‌కు మన మాట వెళ్లి, అక్కడి జవాబు తిరిగి రావడానికి దానికంటే ఎక్కువ సమయం సులభంగా పడుతుంది. వరంగల్లో బాబాయి "బాగున్నారా బాబూ" అంటాడు. అబ్బాయి వెంటనే జవాబిచ్చినా అది ఇంకా దారిలోనే ఉంటుంది. ఈలోగా బాబాయికి నిశ్శబ్దం భరించరానిదై ఇంకో ప్రశ్న వేస్తాడు. సరిగ్గా అప్పుడే అబ్బాయి జవాబు వచ్చి ఆ ప్రశ్న మీద పడుతుంది. ఇద్దరూ ఆగుతారు. ఇద్దరూ "చెప్పండి చెప్పండి" అంటారు. ఆ రెండు "చెప్పండి"లు కూడా ఢీకొంటాయి.

ఇందులో పెళ్లిచూపులకు ప్రత్యేకంగా వర్తించే ప్రమాదం ఒకటుంది. ధ్వని ఆలస్యమైనప్పుడు వినేవాళ్లు లైన్‌ను తప్పుపట్టరు, అవతలి మనిషిని తప్పుపడతారు. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది: లైన్‌లో ఆలస్యం పెంచితే, అవతలివారికి శ్రద్ధ తక్కువని, కలుపుగోలుతనం లేదని వినేవాళ్లు అనుకున్నారు. మన ఇళ్లలో ఇది ఎలా పలుకుతుందో మనకు తెలుసు. "అబ్బాయి ప్రతి మాటకూ ఆలోచించి జవాబిస్తున్నాడు, ఏదో దాస్తున్నట్టుంది." "అమ్మాయికి ఇష్టం లేనట్టుంది, అడిగినదానికి వెంటనే పలకలేదు." ఒక సంబంధం గురించి అంత పెద్ద తీర్పు ఇంటర్నెట్ వేగాన్ని బట్టి ఇవ్వడం అన్యాయం. అందుకే మొదటి పలకరింపులోనే బాబాయి ఆ ఆలస్యాన్ని గమనించి అందరికీ చెప్పేయాలి: "డాలస్ నుంచి మాట కొంచెం ఆగి వస్తోందండీ, మనం అడిగాక కాసేపు ఆగుదాం." ఈ ఒక్క వాక్యం కాల్ అంతా అబ్బాయిని కాపాడుతుంది.

మిగతావాళ్లు ఎలా పలకరించాలి? చేతులతో. నమస్కారం వీడియోకు బాగా పనికొచ్చే పద్ధతి, ఎందుకంటే దానికి మైక్ అక్కర్లేదు, ఎనిమిది మంది ఒకేసారి చేసినా ఒకరి నమస్కారం మరొకరిని అడ్డుకోదు. కానీ చేతులు కెమెరాలో పడాలి. ఫోన్‌ను ఒడిలో పెట్టుకున్నా, ముఖానికి మరీ దగ్గరగా పట్టుకున్నా గడ్డం కింద చేతులు అవతలివాళ్లకు కనిపించవు. ఆ కాస్త దూరం జరగండి. తలపై నుంచి ఛాతీ దాకా కనిపించేలా కూర్చుని, చేతులు జోడించి ఒక క్షణం అలాగే ఉంచండి. గబుక్కున చేసి దించేస్తే నెమ్మదిగా వచ్చే వీడియోలో ఆ కదలిక మసకగా పోతుంది.

ఇక మ్యూట్ సంగతి. ఆఫీసు మీటింగుల నుంచి వచ్చిన అలవాటుతో చాలామంది పిల్లలు "అందరూ మ్యూట్‌లో ఉండండి, మాట్లాడేటప్పుడే తీయండి" అంటారు. ముప్పై మంది ఉన్న చోట అది సరైన నియమం. నాలుగు చతురస్రాల పెళ్లిచూపులకు మాత్రం అది నష్టమే చేస్తుంది. తెలుగువాళ్ల మాటకు ఊ కొట్టే మనిషి కావాలి. పెద్దాయన తన కుటుంబం గురించి చెబుతుంటే అవతలి నుంచి "ఊఁ", "అవునండీ", "అలాగా" అని వస్తుంటేనే ఆయనకు ధైర్యం. మ్యూట్ ఆ చప్పుళ్లన్నిటినీ మింగేస్తుంది. ఆయన తన మాట ఎవరూ వినడం లేదనుకుంటాడు, మధ్యలోనే కుదించేస్తాడు. కాబట్టి గది నిశ్శబ్దంగా ఉంటే మైక్ తెరిచే ఉంచండి. కుక్కర్ విజిల్, టీవీ, వీధి చప్పుడు ఉన్న ఇల్లయితే మ్యూట్ చేసుకుని, ఊ కొట్టే చోట తల స్పష్టంగా ఊపండి. కంప్యూటర్ మీద జూమ్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. మ్యూట్‌లో ఉండగా స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే పట్టుకున్నంతసేపూ మైక్ తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. అబ్బాయి అపార్ట్‌మెంట్‌లో రూమ్మేట్ కాఫీ పెట్టుకుంటుంటే అబ్బాయికి అది చాలా ఉపయోగం. తప్పనిసరైతే బాబాయి ఎవరి మైకైనా మ్యూట్ చేయగలడు. తిరిగి తెరవడం మాత్రం ఆయన చేతిలో ఉండదు, తెరవమని అడగగలడంతే, అటువైపు మనిషే నొక్కాలి. ఈ తేడా తెలియక పెద్దవాళ్లను మ్యూట్ చేసి, తర్వాత వాళ్లు తెరుచుకోలేక తంటాలు పడే కాల్స్ ఎన్నో.

మ్యూట్ గురించి ఇంకో మాట చెప్పాలి, ఇది మొహమాటపడకుండా చెప్పవలసినదే. తెర మీద తమ ముఖం కనిపించగానే కొందరు ఇంకా కాల్ మొదలు కాలేదనుకుంటారు. పలకరింపుకు ముందు ఆ కొన్ని క్షణాల్లో "ఫొటోలో కంటే రంగు తక్కువగా ఉంది కదూ" అని పక్కవాళ్లతో అనేస్తారు. లోపలికి రాగానే మైక్ తెరిచి ఉండవచ్చు. ఆ మాట వరంగల్లో హాలంతా వినిపిస్తుంది. మ్యూట్‌లో ఉన్నామన్న నమ్మకంతో కూడా అలాంటి మాట అనకండి, ఎందుకంటే పెదవుల కదలిక, పక్కకు తిరిగి నవ్వడం కెమెరాలో కనిపిస్తూనే ఉంటాయి.

ప్రతిధ్వని వస్తే ఎవరిది తప్పో కనుక్కోవడానికి ఒక సూత్రం ఉంది. మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంటే లోపం సాధారణంగా మీ దగ్గర ఉండదు, అవతలివాళ్ల స్పీకర్ నుంచి వచ్చిన మీ మాట వాళ్ల మైక్‌లోకే దూరి వెనక్కి వస్తోంది. రాజమండ్రిలో నాన్నగారు ఫోన్‌లోను, అదే గదిలో అల్లుడు ల్యాప్‌టాప్‌లోను చేరితే ఇది తప్పదు, ఒక్కోసారి కుయ్యిమనే కూత కూడా మొదలవుతుంది. ఒక గదికి ఒకే పరికరం ఉంచండి.

చూపు దగ్గరికి వద్దాం. పెళ్లిచూపుల్లో చూపే ముఖ్యం, వీడియోలో కుదరనిదీ అదే. మనం చూసేది తెర మీద ముఖాన్ని, మనల్ని చూసేది తెర పైనున్న కెమెరా. అందుకే ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తున్నామని మనమనుకుంటే, మనం కిందికో పక్కకో చూస్తున్నట్టు వాళ్లకు కనిపిస్తుంది. ఎంత తేడా దాకా చెల్లుతుందో 2002లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిల్టన్ చెన్ పరిశీలించాడు. పక్కలకు, పైకి తిరిగిన చూపును మనుషులు ఇట్టే పసిగడతారు. కిందికి వాలిన చూపు విషయంలో మాత్రం చాలా ఉదారంగా ఉంటారు, కెమెరాకు 5 డిగ్రీల కిందికి చూస్తున్నా తమనే చూస్తున్నట్టు భావిస్తారు.

ఈ 5 డిగ్రీలను ఇంట్లో కొలుచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది కెమెరా కింద సుమారు 5 సెంటీమీటర్లు. ఒక మీటరు దూరం జరిగితే దాదాపు 9 సెంటీమీటర్లు. అంటే కెమెరాను అదేపనిగా గుడ్లప్పగించి చూడనక్కర్లేదు. జూమ్ కిటికీని చిన్నది చేసి, తెర పై అంచుకు, కెమెరా కిందికి లాగి, కాస్త వెనక్కి జరిగి కూర్చుంటే చాలు. మీరు ముఖాలను చూస్తారు, వాళ్లకు మీరు తమను చూస్తున్నట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి కెమెరాను కంటి ఎత్తుకు తేవడం మరవకండి. టీపాయ్ మీద పెట్టిన ఫోన్‌లోకి వంగి చూసే అమ్మాయి, సిగ్గుపడకపోయినా, తలవంచుకుని కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఆమె మనసు గురించి అవతలివాళ్లు లేనిపోనివి ఊహించుకోవడానికి ఆ టీపాయే కారణం.

పెద్దవాళ్ల ఇళ్లలో జరిగే పొరపాటు వేరు. తల్లీ తండ్రీ ఇద్దరూ పట్టాలని ఫోన్‌ను అడ్డంగా ఆనించి పెడతారు. నిలువుగా ఉన్నప్పుడు పైన ఉండే కెమెరా అప్పుడు పక్కకు వెళ్తుంది. వాళ్లు తెర మధ్యలో చూస్తారు, మనకు ఇద్దరూ గోడకేసి చూస్తున్నట్టు ఉంటుంది. చెన్ గమనించినట్టు పక్కచూపుకు క్షమ తక్కువ. దూరంగా కూర్చుంటే ఆ తేడా తగ్గుతుంది, కానీ మాట మైక్‌కు సరిగా అందదు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చునే చోట ఫోన్ కంటే ల్యాప్‌టాప్ నయం, దాని కెమెరా తెరకు పైన, నడిమధ్యన ఉంటుంది.

అన్నీ సరిగా పెట్టుకున్నా చూపు చేయలేని పని ఒకటి మిగిలిపోతుంది. గదిలో అయితే అత్తగారివైపు తిరిగి "బాగున్నారాండీ" అంటే ఆవిడకే తెలుస్తుంది. కెమెరాలోకి చూసి అంటే నాలుగు ఊళ్లలోనూ అందరికీ తమనే అడిగినట్టు ఉంటుంది. పైగా చతురస్రాల వరస ఒక్కో తెర మీద ఒక్కోలా ఉంటుంది కాబట్టి "ఆ పక్కన కూర్చున్నవారు" అన్న మాటకు అర్థం లేదు. కాబట్టి పిలుపు ముందు, ప్రశ్న తర్వాత రావాలి. "అమ్మగారూ, మీ మోకాలి నొప్పి ఎలా ఉందండీ?" అనాలి. ప్రశ్న అడిగేసి చివర్లో "అమ్మగారూ" అంటే అప్పటికే ఇద్దరు ముగ్గురు నోరు తెరిచి ఉంటారు.

ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మన కాల్‌లో హైదరాబాద్ పెద్దాయన పావుగంట తర్వాత చేరాడనుకోండి. వయసులో అందరికంటే పెద్ద, సంబంధం తెచ్చిన మనిషి, కాబట్టి పలకరించకుండా మాట సాగించడం మన మర్యాద కాదు. అలాగని ఎవరి మాటనైనా మధ్యలో తుంచి అందరూ లేచి నమస్కారాలు పెట్టడమూ బాగుండదు. మాట్లాడుతున్న మనిషి వాక్యం పూర్తయ్యేదాకా ఆయనను వెయిటింగ్ రూమ్‌లో ఉంచి, అప్పుడు `Admit` నొక్కి, బాబాయి ఒక్కడే పలకరించి, అప్పటిదాకా జరిగినది ఒక వాక్యంలో చెప్పాలి: "అబ్బాయి తన ఉద్యోగం గురించి చెబుతున్నాడండీ, ఇప్పుడే మొదలైంది." మిగతావాళ్లు చేతులు జోడిస్తే సరిపోతుంది.

చివరగా కాల్ నడిపే బాబాయిలకు, మేనమామలకు నా విన్నపం. కెమెరాకు కనిపించని చోట కూర్చుని చూసేవాళ్లను కూడా పలకరింపులో కలపండి. గదిలో పిన్నిగారు, పక్కింటివారు, అబ్బాయి స్నేహితుడు ఎవరున్నా సరే పేరు చెప్పి ఒకసారి తెర ముందుకు పిలవండి, లేకపోతే గది బయటికి పంపండి. ఎంతమంది తనను చూస్తున్నారో తెలుసుకునే హక్కు అమ్మాయికీ ఉంది, అబ్బాయికీ ఉంది. అమ్మాయిని పలకరింపులన్నీ అయ్యాక వేరే ప్రవేశపెట్టవద్దు, మొదటి నుంచీ కూర్చుని ఆమె కూడా వచ్చేవాళ్లకు నమస్కారం పెట్టనివ్వండి. జూమ్‌లో రికార్డింగ్ మొదలుపెడితే అందరికీ తెలుస్తుంది. పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీస్తేనో, తెరను ఫొటో తీస్తేనో ఎవరికీ తెలియదు. అడగకుండా అలా తీయవద్దని మొదటి పలకరింపులోనే రెండు వైపులా చెప్పండి.